దాగిన కన్‌ఫౌండర్, కాలేజీ దూరం: ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ మీద అపోహలు – వాస్తవాలు

చదువు ఒక ఏడాది పెరిగితే జీతం ఎంత పెరుగుతుంది? మామూలు రిగ్రెషన్ (ఓఎల్‌ఎస్) ఏదో ఒక అంకె ఇస్తుంది. కానీ చురుకైన పిల్లలు ఎక్కువ చదువుతారు, చదువుతో పని లేకుండానే ఎక్కువ సంపాదించగలరు కూడా. ఆ చురుకుదనం డేటాలో లేదు. అదే దాగిన కన్‌ఫౌండర్.

డేవిడ్ కార్డ్ 1995లో దీనికి ఒక దారి చూపించారు. అమెరికాలో 1966లో సర్వే చేసిన యువకులలో 3,010 మంది 1976 జీతాలు తీసుకున్నారు. పెరిగిన చోటికి దగ్గర్లో నాలుగేళ్ల కాలేజీ ఉందా లేదా అన్నది ఆయన ఇన్‌స్ట్రుమెంట్, అంటే చదువును కదిలించే, చురుకుదనంతో సంబంధం లేని బయటి కారణం. ఈ పద్ధతే ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్, పొట్టిగా ఐవీ. దగ్గర్లో కాలేజీ ఉంటే ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఈ డేటా R లో అందరికీ దొరుకుతుంది కాబట్టి దీంతోనే చూద్దాం.

అపోహ: ఐవీ అంటే కంప్యూటర్ లోపల జరిగే ఏదో మాయ.

వాస్తవం: ఒక్క భాగహారం. ప్రాంతం, నగరం, జాతి, అనుభవం లాంటి కంట్రోల్స్ పెట్టాక, కాలేజీ దగ్గర పెరిగినవాళ్లు సగటున 0.32 ఏళ్లు ఎక్కువ చదివారు. వాళ్ల లాగ్ జీతం సుమారు 0.042 ఎక్కువ. 0.042ను 0.32తో భాగిస్తే 0.13. అంటే ఒక ఏడాది చదువుకు దాదాపు 13 శాతం. ఓఎల్‌ఎస్ ఇచ్చేది 7.5 శాతం. R లో ఆ లెక్క ఇదీ, `nearc4` అంటే దగ్గర్లో కాలేజీ ఉండటం:

```r
library(ivreg)
data("card", package = "wooldridge")
m <- ivreg(lwage ~ exper + expersq + black + smsa + south +
  smsa66 + reg662 + reg663 + reg664 + reg665 + reg666 +
  reg667 + reg668 + reg669 | educ | nearc4, data = card)
summary(m)
```

మొదటి మెట్టులో చదువును ఇన్‌స్ట్రుమెంట్‌తో అంచనా వేసి, రెండో మెట్టులో ఆ అంచనా మీద జీతాన్ని రిగ్రెస్ చేస్తూ, రెండు రిగ్రెషన్లు చేత్తో విడివిడిగా నడిపినా గుణకం ఇదే వస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం తప్పుతుంది. రెండో మెట్టులో అసలు చదువుకు బదులు అంచనా వేసిన చదువు ఉంటుంది, రెసిడ్యువల్స్ దాని నుంచే లెక్కవుతాయి. ఇంకో పొరపాటు, కంట్రోల్స్‌ను రెండో మెట్టులో పెట్టి మొదటి మెట్టులో మరిచిపోవడం. అప్పుడు గుణకమే చెడిపోతుంది.

అపోహ: ఇన్‌స్ట్రుమెంట్‌కు చదువుతో గట్టి సంబంధం ఉంటే చాలు.

వాస్తవం: అది సగమే, పైగా డేటాలో కనబడే సగం. రెండో షరతు: కాలేజీ దగ్గర ఉండటం జీతాన్ని చదువు ద్వారా తప్ప ఇంకే దారిలోనూ కదిలించకూడదు, చురుకుదనంతో దానికి సంబంధం ఉండకూడదు. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు దీన్ని నిరూపించే పరీక్ష లేదు. ఐవీ రెసిడ్యువల్స్‌ను `nearc4` మీద రిగ్రెస్ చేసి, సున్నా వచ్చిందని సంతోషించే విద్యార్థులు ఉంటారు. ఆ సున్నా లెక్క కట్టే పద్ధతిలోనే ఉంది, ఎప్పుడూ అదే వస్తుంది.

అయినా అనుమానాన్ని కొంత తడిమి చూడవచ్చు. ఈ డేటాలో కొంతమందికి ఐక్యూ స్కోరు ఉంది. దాన్ని `nearc4` ఒక్కదానితో రిగ్రెస్ చేస్తే, కాలేజీ దగ్గర పెరిగినవాళ్ల ఐక్యూ సుమారు 2.6 పాయింట్లు ఎక్కువ, తేడా గణాంకపరంగా స్పష్టం. అంటే కంట్రోల్స్ లేకుండా ఈ ఇన్‌స్ట్రుమెంట్ పనికిరాదు. 1966 నాటి నగర, ప్రాంత వేరియబుల్స్ (`smsa66`, `reg661`, `reg662`, `reg669`) చేర్చగానే ఆ తేడా 0.35కు పడిపోతుంది, సున్నా నుంచి వేరుచేయలేం. కాలేజీలు ఎక్కువగా నగరాల్లో, కొన్ని ప్రాంతాల్లో ఉండటమే అసలు సంగతి. మీ ఇన్‌స్ట్రుమెంట్‌కూ ఇలాంటి పరీక్ష ఒకటి వెతకండి. వాదన బలం అక్కడే తెలుస్తుంది.

అపోహ: మొదటి మెట్టులో ఎఫ్ 10 దాటితే ఇక చింత లేదు.

వాస్తవం: ఎఫ్ అంటే ఇన్‌స్ట్రుమెంట్ చదువును ఎంత గట్టిగా కదిలిస్తుందో చెప్పే అంకె. ఇక్కడ అది సుమారు 13. 10 అన్నది స్థూలమైన గుర్తు మాత్రమే. ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైతే భాగహారంలో కింది అంకె సున్నాకు దగ్గరవుతుంది. ఫలితం ఊగిసలాడుతుంది, ఓఎల్‌ఎస్ వైపు లాగుతుంది, మామూలు టి-పరీక్ష నమ్మదగినది కాకుండా పోతుంది. ఎఫ్ ఈ స్థాయిలో ఉంటే ఆండర్సన్-రూబిన్ విశ్వాస అంతరాన్ని కూడా రాయడం మేలు. బలహీనతను అది తట్టుకుంటుంది.

అపోహ: ఐవీ అంకె అందరికీ వర్తించే అసలు నిజం.

వాస్తవం: చురుకుదనం ఓఎల్‌ఎస్‌ను పెంచుతుందనుకుంటే ఐవీ తగ్గాలి. ఇక్కడ పెరిగింది. ఒక వివరణ: కాలేజీ దగ్గరున్నా లేకున్నా చదివేవాళ్లు, ఎలాగూ చదవనివాళ్లు ఈ లెక్కలోకి రారు. దూరం వల్ల నిర్ణయం మారినవాళ్ల సగటు ఫలితమే మనకు దక్కుతుంది. డబ్బు ఇబ్బంది వల్ల ఆగిపోయేవాళ్లకు చదువు ఫలితం ఎక్కువై ఉండొచ్చు. ఇన్‌స్ట్రుమెంట్‌లోనే ఇంకా కల్తీ ఉందన్నది రెండో వివరణ, దాన్నీ తోసిపుచ్చలేం.

తొందరపడే ముందు స్టాండర్డ్ ఎర్రర్ చూడండి: ఐవీకి 0.055. 95 శాతం అంతరం దాదాపు 0.02 నుంచి 0.24 దాకా సాగుతుంది, ఓఎల్‌ఎస్ 0.075 అందులోనే ఉంది. కాబట్టి ఈ ఒక్క ఫలితంతో “ఓఎల్‌ఎస్ తక్కువ చూపిస్తోంది” అని రాయకండి. “చదువుకు ఫలితం ఉంది, ఎంతో కచ్చితంగా తేలలేదు” అన్నంతవరకే డేటా ఒప్పుకుంటుంది.