జబ్బు చేసిన పిల్లవాడు ఐదో రోజు బడికి, చేయని పిల్ల 21 రోజులు ఇంట్లో: తట్టు లెక్క ఎక్కడిది?

తట్టు సోకిన పిల్లవాడు దద్దుర్లు తేలాక నాలుగు రోజులు ఇంట్లో ఉండి ఐదో రోజు బడికి రావచ్చు. అదే తరగతిలో ఉన్న టీకా లేని పిల్ల, ఒంట్లో ఏ నలతా లేకపోయినా, 21 రోజులు ఇంటిపట్టునే ఉండాలి. అమెరికాలో తట్టు తలెత్తిన ప్రతి చోటా గొడవ ఈ రెండు అంకెల దగ్గరే మొదలవుతోంది. 2024 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని వెస్టన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో కేసులు వచ్చినప్పుడు, టీకా లేని పిల్లల్ని బడికి పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేస్తున్నామని ఆ రాష్ట్ర ప్రజారోగ్య అధిపతి అయిన సర్జన్ జనరల్ జోసెఫ్ లడాపో లేఖ రాశారు. 2025లో టెక్సస్‌లో 762 మందికి తట్టు సోకి ఇద్దరు పిల్లలు చనిపోయారు. అదే ఏడాది చివర్లో దక్షిణ కరోలినాలో టీకా లేని పిల్లల్ని 21 రోజులు బడికి రానివ్వనప్పుడు మళ్లీ అదే ప్రశ్న వచ్చింది: జబ్బు చేసినవాడికి తక్కువ, చేయని పిల్లకు ఎక్కువా?

టీకా పుట్టుక, దాని మీద వచ్చిన వ్యతిరేకత చాలామందికి తెలిసిన కథే. ఈ గొడవను అర్థం చేసుకోవడానికి దానికంటే ముందు ఒక ద్వీపసమూహానికి వెళ్లాలి.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులు డెన్మార్క్ ఏలుబడిలోవి. అక్కడ 1781 తర్వాత 65 ఏళ్లపాటు తట్టు లేదు. 1846 మార్చి చివర్లో కోపెన్‌హాగెన్ నుంచి వచ్చిన ఒక వడ్రంగితో అది మళ్లీ దిగింది. సుమారు 7,800 మంది ఉన్న దీవుల్లో కొన్ని నెలల్లోనే దాదాపు 6,000 మంది పడకేశారు. డెన్మార్క్ ప్రభుత్వం పీటర్ లుడ్విగ్ పానుమ్ అనే పాతికేళ్ల డాక్టరును పంపింది. 1781లో తట్టు వచ్చి బతికిన ముసలివాళ్లలో ఒక్కరికి కూడా ఇప్పుడు రాలేదని ఆయన గమనించాడు. ఆయన పేరు ఎక్కువగా దీనికే చెబుతారు. నేటి వివాదానికి పనికొచ్చేది మాత్రం ఆయన చేసిన రెండో పని.

పట్నంలో ఎవరికి ఎవరి నుంచి, ఏ రోజున అంటుకుందో చెప్పడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే మనుషులు రోజూ కలుస్తూనే ఉంటారు. ఫారోలో ఊరికీ ఊరికీ మధ్య సముద్రం ఉంది. బయటివాళ్లను ఎప్పుడు కలిశారో ఊరంతటికీ గుర్తుంటుంది. త్యోర్నువీక్ అనే పల్లె నుంచి పదిమంది ఒకే పడవలో జూన్ 4న వెస్ట్‌మన్నాకు తిమింగలాల వేటకు వెళ్లారు. జూన్ 18న ఆ పదిమందికీ ఒకేసారి దద్దుర్లు తేలాయి. అంటే సరిగ్గా 14 రోజులు. ఆ తర్వాత 12 నుంచి 16 రోజుల మధ్య ఊళ్లో మరో పెద్ద గుంపుకు తేలాయి. పల్లె తర్వాత పల్లెలో పానుమ్ ఇలాగే తేదీలు అడిగి రాసుకుంటూ పోయాడు. అన్ని చోట్లా 13, 14 రోజులే వచ్చాయి.

ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి. వైరస్ ఒంట్లోకి చేరాక మనిషి దాదాపు రెండు వారాలు చూడ్డానికి మామూలుగానే ఉంటాడన్నది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. దద్దుర్లు ఎండి పొట్టు రాలేటప్పుడే తట్టు అంటుకుంటుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అదే నిజమైతే మొదటి గుంపుకూ రెండో గుంపుకూ మధ్య మూడు వారాలైనా పట్టాలి. రెండే వారాలు పట్టిందంటే, జబ్బు చేతులు మారింది దద్దుర్లు తేలే రోజుల్లోనే. పన్నెండో రోజుకే తేలినవాళ్లను బట్టి చూస్తే, కొందరికి అంతకు ముందే అంటుకొని ఉండాలి. తర్వాతి పరిశోధనలు దీన్ని ఖాయం చేశాయి. తట్టు సోకిన మనిషి దద్దుర్లకు 4 రోజుల ముందు నుంచి, తేలాక 4 రోజుల వరకు ఇతరులకు అంటించగలడు.

ఇక్కడి నుంచి మూడు కాలాలను విడదీసి చూడొచ్చు. వైరస్ సోకిన రోజు నుంచి మొదటి లక్షణం కనిపించేదాకా ఉన్నది ఇంక్యుబేషన్ పీరియడ్, అంటే పొదిగే కాలం. తట్టులో జ్వరం రావడానికి సుమారు 10 నుంచి 12 రోజులు, దద్దుర్లకు సగటున 14 రోజులు పడుతుంది. దద్దుర్లు 7 రోజులకే రావచ్చు, 21 రోజులకూ రావచ్చు. సోకిన రోజు నుంచి ఇతరులకు అంటించగలిగే రోజు దాకా ఉన్నది లేటెంట్ పీరియడ్, గుప్తకాలం. తట్టులో ఇది సుమారు 10 రోజులు. ఆ తర్వాతది ఇన్ఫెక్షియస్ పీరియడ్, అంటించే కాలం, ఎనిమిది తొమ్మిది రోజులు. పొదిగే కాలం ఎప్పుడు ముగిసిందో ఇంట్లోవాళ్లకు కనిపిస్తుంది. గుప్తకాలం ముగిసిన రోజు ఎవరికీ కనిపించదు. అంటించడం మొదలైన తొలి మూడు నాలుగు రోజుల్లో పిల్లకు ఉండేది జ్వరం, పడిశం, పొడి దగ్గు, ఎర్రబడ్డ కళ్లు. జాగ్రత్తగా చూస్తే బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనబడవచ్చు. లేకపోతే అది మామూలు జలుబులాగే ఉంటుంది.

తేదీలు పెట్టి చూద్దాం. ఒక పిల్లవాడికి మార్చి 14న దద్దుర్లు తేలాయి. ఆ రోజును సున్నాగా లెక్కిస్తారు. అంటే వాడు అంటించే కాలం మార్చి 10 నుంచి 18 దాకా. 19న బడికి రావచ్చు. వాడు 10, 11, 12 తేదీల్లో బడికి వచ్చి, 13 నుంచి జ్వరంతో మానేశాడనుకుందాం. ఆ తరగతిలోని టీకా లేని పిల్లకు మొదటి తాకిడి, అంటే అంటించే స్థితిలో ఉన్నవాడి దగ్గర మసలడం, మార్చి 10న, చివరిది 12న. 12 నుంచి 21 రోజులు లెక్కిస్తే ఏప్రిల్ 2 వస్తుంది. 3న ఆమె రావచ్చు. ఆమెకు సోకి ఉంటే దద్దుర్లు తేలడానికి ఎక్కువ అవకాశం మార్చి 24 నుంచి 26 మధ్య. కానీ 20వ తేదీకే ఆమె అంటించడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఇంకా తొందరగా వచ్చే సందర్భాలను దృష్టిలో పెట్టుకొని, తాకిడికి గురైన ఆసుపత్రి సిబ్బందిని మొదటి తాకిడి తర్వాత ఐదో రోజు నుంచే పని మాన్పిస్తారు. ఈ లెక్కన అది మార్చి 15.

పిల్లవాడికి నాలుగు రోజులు, పిల్లకు ఇరవై ఒకటి ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. పిల్లవాడి విషయంలో లెక్కించేది అంటించే కాలం, దాని మొదలూ చివరా రెండూ తెలుసు. పిల్ల విషయంలో లెక్కించేది పొదిగే కాలపు చిట్టచివరి హద్దు, ఎందుకంటే ఆమెకు సోకిందో లేదో, సోకితే ఏ రోజు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. రోగనిరోధకత లేనివాళ్లు దగ్గరగా మసిలితే పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. రోగి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉంటుంది.

లెక్క తప్పేది సాధారణంగా మొదటి రోజు దగ్గరే. బడి ఉత్తరం అందిన రోజు నుంచి కొందరు, మొదటి తాకిడి నుంచి కొందరు లెక్కిస్తారు. మొదటి తాకిడి నుంచి లెక్కిస్తే మార్చి 31కే గడువు ముగిసినట్టు తోస్తుంది, రెండు రోజులు తగ్గిపోతాయి. ఇంట్లో టీకా లేని తమ్ముడు ఉంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. అక్కకు మార్చి 25న దద్దుర్లు తేలితే ఆమె 29 దాకా అంటిస్తుంది, కాబట్టి తమ్ముడి గడువు ఏప్రిల్ 19. ఒకే ఇంట్లో నెలకు పైగా బడి పోవడం ఇలాగే జరుగుతుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల కోపం కారణం లేనిది కాదు.

ప్రతి జబ్బుకూ ఇదే నియమం వర్తించదు. 2003 నాటి సార్స్‌లో వైరస్ ఎక్కువగా వెలువడింది జబ్బు మొదలైన పదో రోజు ప్రాంతంలో. జ్వరం రాగానే మనిషిని వేరు చేస్తే చాలు, గొలుసు తెగిపోయేది. ఆ ఏడాది జూలైకే అది అదుపులోకి వచ్చింది. కోవిడ్‌లో గుప్తకాలం పొదిగే కాలం కంటే రెండు రోజులైనా ముందే ముగిసేది. జ్వరం పట్టే కెమెరాలు 2020లో విమానాశ్రయాల్లో ఆపలేకపోయింది ఆ రెండు రోజుల మనుషులనే. ఎ రకం పచ్చకామెర్లలో ఈ తేడా ఇంకా పెద్దది. పొదిగే కాలం సగటున 28 రోజులు. ఎక్కువగా అంటించేది కళ్లు పచ్చబడటానికి ముందున్న రెండు వారాల్లో. మన ఇళ్లలో కళ్లు పచ్చబడ్డాక కంచం, గ్లాసు వేరు చేస్తాం. అప్పటికి అంటుకోవలసినవాళ్లలో చాలామందికి అంటుకొనే ఉంటుంది.

మళ్లీ ఫ్లోరిడా లేఖకు వద్దాం. ఆ ప్రాంతంలో రోగనిరోధకత ఎక్కువగా ఉందని, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చదువు నష్టపోతారని అందులో రాశారు. జబ్బు అక్కడ పెద్దగా పాకలేదన్నదీ నిజమే. చుట్టూ టీకా వేయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉంటే వైరస్‌కు దారి దొరకదు. అయితే పిల్లలు ఇంట్లో ఉండాల్సిన గడువును ఆ లేఖ అంటించే కాలపు ముగింపుగా, మార్చి 7గా చెప్పింది. అది నిజానికి పొదిగే కాలపు హద్దు. ఈ రెంటినీ కలిపేస్తే, ‘మా పిల్ల అంటించే స్థితిలో ఉందని రుజువేదీ?’ అని తల్లి అడగడం సహజం. అలాంటి రుజువు ఎవరి దగ్గరా ఉండదు, ఉండనవసరమూ లేదు.

తాకిడి జరిగిన 72 గంటల్లోపు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వేయిస్తే పిల్ల సాధారణంగా బడికి వెళ్లొచ్చు. ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు, ఇస్తే రక్షణ ఉంటుంది గాని, అది పొదిగే కాలాన్ని సాగదీస్తుంది, అందుకని గడువు 28 రోజులవుతుంది. మందు ఇచ్చాక గడువు పెరగడం చూసి తికమకపడేవాళ్లు ఇక్కడ చాలామంది.

టెక్సస్‌లో తట్టు ముగిసిందని 2025 ఆగస్టు 18న ప్రకటించారు. చివరి కేసు తర్వాత 42 రోజులు, అంటే 21కి రెట్టింపు, కొత్త కేసు రాకూడదన్నది నియమం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లిన కుటుంబాలు టీకా కార్డులో ఒక తేదీ చూసుకోవాలి. మన దగ్గర తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. అమెరికా బడులు ఏడాది నిండకముందు వేసిన డోసును లెక్కలోకి తీసుకోవు. కార్డులో రెండు డోసులున్నా అక్కడ ఒకటిగానే చూస్తారు, ఇంకొకటి వేయించమంటారు. అది బడి నుంచి ఉత్తరం రాకముందే వేయించాలి. తాకిడి జరిగాక మిగిలేది 72 గంటలే, ఉత్తరం చేతికి అందేసరికి అందులో కొంత గడిచిపోయి ఉంటుంది.