తిమ్మిరి క్రీము గొడవ: అసలు సంగతి స్క్విడ్ నరంలో తేలింది

లేజర్‌తో వెంట్రుకలు తీసే చోట, టాటూ షాపుల్లో పూసే తిమ్మిరి క్రీముల మీద వాదన మళ్లీ రాజుకుంది. అమ్మేవాళ్ల మాట ఒక్కటే: ఇది పైపూత, ఇంజెక్షన్ కాదు, ఒంట్లోకి పోదు. డాక్టర్లు దీన్ని ఒప్పుకోరు. వాళ్లెందుకు ఒప్పుకోరో తెలియాలంటే ఈ క్రీముల్లోని తిమ్మిరి మందు లిడోకైన్ నరంలో ఎక్కడ పనిచేస్తుందో చూడాలి.

కోకా ఆకు నుంచి కోకైన్, 1884లో వియన్నాలో దానితో కన్ను మొద్దుబార్చి ఆపరేషన్, ఆ తర్వాత ప్రొకైన్ అనే తిమ్మిరి మందు... ఇదంతా చాలామంది విన్నదే. లిడోకైన్ ఆ వంశంలోదే అయినా దొడ్డిదారిన వచ్చింది. 1930లలో స్వీడన్‌లో బార్లీ మొక్కల్లోని ఆల్కలాయిడ్ అనే ఒక రసాయనంపై పరిశోధిస్తూ ఎర్ట్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త దానికి దగ్గరి పదార్థాన్ని తయారుచేసి నాలుకకు రాసుకున్నాడు. నాలుక మొద్దుబారింది. ఆ దారినే వెళ్లి లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ 1943లో లిడోకైన్‌ను సాధించారు. 1948 నుంచి అది జైలోకైన్ పేరుతో అమ్ముడైంది.

అసలు మలుపు మాత్రం 1970లో వచ్చింది. అమెరికాలో నరహాషి, ఫ్రేజియర్, యమాడా స్క్విడ్ అనే సముద్రజీవి నరాన్ని తీసుకున్నారు. ఆ నరం ఎంత లావంటే లోపలి పదార్థాన్ని పిండేసి, దాని స్థానంలో కావలసిన ద్రవాన్ని పారించవచ్చు. ఎప్పుడూ విద్యుదావేశంతోనే ఉండే లిడోకైన్ రూపాలను వాళ్లు పరీక్షించారు. ఆవేశం ఉన్న అణువు కొవ్వుతో కూడిన కణపొరను దాటలేదు. నరం బయట పోస్తే వాటి ప్రభావం అంతంతమాత్రమే. లోపలికి పంపితే నరం మూగబోయింది.

అంటే మందు తలుపును బయటినుంచి మూయడం లేదు, లోపలికి వెళ్లి గడియ పెడుతోంది. నొప్పి సంకేతం నరం వెంట సాగాలంటే దాని పొరలో తలుపుల్లా ఉండే సోడియం ఛానెళ్లు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి రావాలి. మన ఒంట్లో లిడోకైన్ అణువుల్లో సుమారు నాలుగోవంతు ఆవేశం లేకుండా ఉంటాయి. అవి కణపొరను దాటి లోపలికి చేరతాయి. అక్కడ కొన్ని మళ్లీ ఆవేశం పుంజుకుని, తెరుచుకున్న ఛానెల్‌లోకి లోపలివైపు నుంచే దూరి అంటుకుంటాయి. సోడియం ఆగుతుంది, సంకేతం అక్కడే చచ్చిపోతుంది. చీము పట్టిన పంటికి మత్తు సరిగా ఎక్కకపోవడానికి ఒక కారణం ఇదే: అక్కడ ఆమ్లత్వం పెరిగి, పొరను దాటగలిగే అణువులు తగ్గిపోతాయి.

పొరలు దాటే ఈ గుణం లేకపోతే లిడోకైన్ మందే కాదు. చర్మంలోంచి రక్తంలోకి దాన్ని చేర్చేదీ ఇదే గుణం. రక్తంలో చేరాక దానికి చేతి నరం, మెదడు, గుండె అన్న తేడా లేదు. సోడియం ఛానెళ్లు అన్నిచోట్లా ఉన్నాయి. పైగా, ఛానెళ్లు ఎంత తరచుగా తెరుచుకుంటుంటే మందు అంత గట్టిగా పట్టుకుంటుంది. 1950ల నుంచి అదుపు తప్పిన గుండె లయను సరిచేయడానికి డాక్టర్లు దాన్ని రక్తనాళంలోకి ఎక్కించింది ఈ గుణాన్ని నమ్ముకునే.

ఇక లెక్క చూద్దాం. 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలపని లిడోకైన్ ఇంజెక్షన్‌గా కిలోకు 4.5 మిల్లీగ్రాములు, అంటే 270 మిల్లీగ్రాములు మించకూడదు. 10 శాతం క్రీము 30 గ్రాముల ట్యూబులో 3,000 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు చర్మం మీద 5 శాతం ప్యాచ్ వేస్తే ఒంట్లోకి చేరేది దాదాపు 3 శాతమే. ఆ లెక్కన ట్యూబు మొత్తం పూసినా 90 మిల్లీగ్రాములే. అమ్మేవాళ్ల వాదనలో నిజం ఇంతవరకే. అయితే రెండు కాళ్లకూ దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ చుట్టి, గీసుకుపోయిన చర్మం మీద గంటలకొద్దీ ఉంచితే ఆ 3 శాతం లెక్క చెల్లదు. అది 10 శాతమైతే చాలు, 300 మిల్లీగ్రాములవుతుంది.

అమెరికాలో లేజర్ చికిత్సకు ముందు కాళ్లకు ఇలాగే పూసుకుని చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోయారు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది. 2024 మార్చిలో, డాక్టర్ చీటీ లేకుండా అమ్మే ఇలాంటి క్రీముల్లో 4 శాతానికి మించిన లిడోకైన్ వద్దంటూ ఆరు కంపెనీలకు మళ్లీ హెచ్చరిక లేఖలు పంపింది.

ప్రమాదం సాధారణంగా మెదడులో మొదలవుతుంది. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుకపై లోహపు రుచి, చెవుల్లో హోరు, తడబడే మాట, తర్వాత ఫిట్స్, చివరికి గుండె. మొదటి గుర్తు కనిపించగానే ప్లాస్టిక్ తీసేసి, క్రీము కడిగేసి ఆసుపత్రికి వెళ్లాలి. కడిగేశాం కదా అని ఇంట్లో కూర్చోకూడదు, చర్మంలో నిల్వ ఉన్న మందు ఆ తర్వాత కూడా కొంతసేపు రక్తంలోకి దిగుతూనే ఉంటుంది.