బందరు లడ్డు ఎక్కడుందని అనుకుంటాడు? ‘తప్పు నమ్మకం’ పరీక్షపై అపోహలు – వాస్తవాలు

పిల్లల మానసిక ఎదుగుదలను పరీక్షించే, గుంటూరు అరండల్‌పేటలోని మా గదికి తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి ఐదున్నరేళ్ల కొడుకును తీసుకువచ్చారు. బడిలో ఎవరో ఫోనులో చూసిన బొమ్మల పరీక్ష పెట్టారట. పిల్లవాడు తప్పు చెప్పేసరికి ‘ఆటిజం కావచ్చు, చూపించుకోండి’ అన్నారట. అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. గుర్తుపట్టకుండా ఉండేందుకు వివరాలు కొన్ని మార్చి ఆ బాబు సంగతి చెబుతాను. ఈ పరీక్ష చుట్టూ ఉన్న అపోహలు చాలావరకు ఆ ఒక్క కథలోనే ఉన్నాయి.

ముందు ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. మనకు తెలిసినది ఎదుటివారికి తెలియకపోవచ్చుననీ, వారు నిజం కానిదాన్ని నిజమని నమ్ముతూ ఉండవచ్చుననీ, ఆ నమ్మకాన్ని బట్టే నడుచుకుంటారనీ పిల్లలు క్రమంగా గ్రహిస్తారు. ఈ గ్రహింపునే మా వృత్తిలో ‘థియరీ ఆఫ్ మైండ్’ అంటాం. దీన్ని పరీక్షించే ‘తప్పు నమ్మకం’ పద్ధతిని 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు చాక్లెట్టు కథతో రూపొందించారు. నేను మన ఇళ్లకు తగినట్టు దాన్ని ఇలా చెబుతాను. బుజ్జి బందరు లడ్డును స్టీలు డబ్బాలో పెట్టి ఆటకు వెళతాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని తీసి ఫ్రిజ్‌లో పెడుతుంది. బుజ్జి తిరిగి వచ్చాక లడ్డు కోసం ముందు ఎక్కడ చూస్తాడు? మూడేళ్ల పిల్లలు ఎక్కువగా ‘ఫ్రిజ్‌లో’ అంటారు. నాలుగు దాటి ఐదు వచ్చేసరికి చాలామంది ‘డబ్బాలో’ అని సరిగ్గా చెబుతారు.

అపోహ: పరీక్షలో తప్పు చెబితే ఆటిజం ఉన్నట్టే.

వాస్తవం: ఈ అపోహకు మూలం 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ చేసిన అధ్యయనం. ఇలాంటి బొమ్మల కథనే చెబితే, ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది తప్పు చెప్పారు. మామూలుగా ఎదుగుతున్న 27 మందిలో 23 మంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. ఈ అంకెల్లో మొదటిదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నవారు అదే అధ్యయనంలో ఆటిజం ఉన్న నలుగురు సరిగ్గా చెప్పారన్న సంగతిని మరిచిపోతారు. పైగా తప్పు చెప్పడానికి దారులు అనేకం. వయసు చాలకపోవచ్చు, భాష ఆలస్యం కావచ్చు, కథ గుర్తుండకపోవచ్చు, లడ్డు ఎక్కడుందో చూసిన కళ్లను, అటే చూపించబోయే చేతిని ఆపుకోలేకపోవచ్చు. వినికిడి ఉన్న తల్లిదండ్రులకు పుట్టి, ఆలస్యంగా సైగభాష నేర్చుకున్న బధిర పిల్లలు కూడా ఈ పరీక్షలో వెనుకబడతారని 1995లో పీటర్సన్, సీగల్ చూపించారు. సైగభాషే మాతృభాషగా ఉన్న ఇళ్లలో పుట్టిన బధిర పిల్లలకు ఆ జాప్యం కనబడదని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. అంటే అడ్డు పడుతున్నది చెవిటితనం కాదు, మనసుల గురించిన మాటలు ఆ పిల్లలను చేరకపోవడం.

అపోహ: కథ చెప్పి ఒక ప్రశ్న వేస్తే తేలిపోతుంది, ఇంట్లోనే చేసుకోవచ్చు.

వాస్తవం: ఆ బాబుకు నేను అదే కథ మళ్లీ చెప్పాను. అసలు ప్రశ్నతోపాటు రెండు సరిచూసే ప్రశ్నలు తప్పక వేయాలి: ‘బుజ్జి మొదట లడ్డు ఎక్కడ పెట్టాడు?’, ‘ఇప్పుడు నిజంగా ఎక్కడుంది?’ వీటిలో ఏది తప్పినా కథే అందలేదని అర్థం, ఇక అసలు జవాబును లెక్కలోకి తీసుకోకూడదు. బడిలో ఈ రెండూ అడగలేదు. ఉన్నవి రెండే చోట్లు కనుక గుడ్డిగా చెప్పినా సగంసార్లు సరిపోతుంది. అందుకే కథలు మార్చి నాలుగైదుసార్లు అడుగుతాం.

ప్రశ్న వేసే తీరు మరో చిక్కు. ‘ఎక్కడ వెతుకుతాడు’ అంటే చిన్న పిల్లలు కొందరు ‘ఎక్కడ వెతికితే దొరుకుతుంది’ అని తీసుకుంటారు. ‘ముందుగా’ అన్న ఒక్క మాట చేరిస్తే మూడేళ్లవారిలోనూ సరైన జవాబులు పెరిగాయని 1991లో సీగల్, బీటీ గమనించారు. మన భాషకు ఇంకొక ఇబ్బంది ఉందని నా అనుభవం. ‘లడ్డు ఎక్కడ ఉందని బుజ్జి అనుకుంటున్నాడు?’ అన్న వాక్యంలో ‘లడ్డు ఎక్కడ ఉంది’ ముందు వస్తుంది, కీలకమైన ‘అనుకుంటున్నాడు’ చివర గొంతు తగ్గే చోట పడుతుంది. తోక వినబడని పిల్లవాడు తలకే జవాబు చెబుతాడు.

ఈ బాబు చేసింది అదేనని అనుమానం వచ్చింది. ‘మొదట ఎక్కడ పెట్టాడు’ అన్నదానికీ ఫ్రిజ్‌నే చూపించాడు. నేను బొమ్మలు సర్దుతూ తల వంచి మాట్లాడితే నా ముఖం కోసం కిందికి వంగి చూశాడు. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ‘డబ్బా ఇవ్వు’ అంటే ఫ్రిజ్ బొమ్మ ఇచ్చాడు. మరోవైపు, నచ్చిన బొమ్మను అమ్మకు చూపించి ఆమె ముఖం వైపు చూసి నవ్వాడు, వేలితో చూపించాడు, నాకు ఉత్తుత్తి టీ పోశాడు. ఆటిజం విషయంలో నేను మొదట వెతికేవి ఇవే. బొమ్మల పరీక్ష చాలా తరువాతి మాట.

వినికిడి పరీక్షలో రెండు చెవుల్లోనూ సుమారు 55 డెసిబెల్స్ లోపం తేలింది. ఎదురుగా కూర్చుని మాట్లాడే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది కనుక తల్లి ఒడిలో వాడికి కొంత వినబడేది, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. వినబడనివి పక్కగదిలోని మాటలు: ‘మీ నాన్న ఇంకా పొలంలోనే ఉన్నాడనుకున్నా, ఎప్పుడొచ్చాడు?’ వంటివి. ఒకరు అనుకున్నది ఒకటి, జరిగింది మరొకటి అని పిల్లలు ఇలా చెవిన పడే మాటల నుంచే ఎంతో నేర్చుకుంటారు.

అపోహ: పరీక్షలో నెగ్గితే ఇక చూడనక్కరలేదు.

వాస్తవం: ఆటిజం ఉండి, మాట బాగా వచ్చిన పిల్లలు లెక్క చేసినట్టు ఆలోచించి ఈ పరీక్షలో నెగ్గగలరు. వారిలో భాషాస్థాయి తొమ్మిదేళ్ల పిల్లల స్థాయికి చేరాక నెగ్గే అవకాశం పెరుగుతుందని 1995లో హాపే గమనించారు. అయినా ఆటస్థలంలో ఎగతాళి, మొహమాటం వంటివి అప్పటికప్పుడు అందుకోవడం వారికి కష్టంగానే ఉండవచ్చు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపించకపోవడం ఏడాదిన్నర వయసులోనే గమనించవలసిన గుర్తులు. వాటికి నాలుగేళ్ల దాకా ఆగి లడ్డు కథ చెప్పే పని లేదు.

అపోహ: ఇందులో వెనుకబడిన పిల్లలకు జాలి, దయ ఉండవు.

వాస్తవం: ఎదుటివారు ఏమనుకుంటున్నారో ఊహించడం వేరు, వారి ఏడుపు చూసి కలత పడడం వేరు. మొదటిది కష్టమైన పిల్లల్లో రెండోది నిండుగా ఉండడం నేను తరచూ చూస్తాను.

బాబుకు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు అమర్చారు, మాట నేర్పే చికిత్స మొదలైంది. ‘అనుకున్నాను, మరిచిపోయాను, తెలియలేదు’ అన్న మాటలను ముఖం కనబడేలా ఇంట్లో వాడమని తల్లికి చెప్పాను. నాలుగు నెలలకు సరిచూసే ప్రశ్నలు రెండూ సరిగ్గా చెప్పాడు, అసలు ప్రశ్న మాత్రం ఇంకా తప్పింది. ఏడాది దాటాక ఐదు కథల్లో నాలుగింటికి సరిగ్గా చెప్పాడు. ఆ రోజు తల్లి ఒక ఫిర్యాదు కూడా తెచ్చారు. “ఈ మధ్య అబద్ధాలు మొదలుపెట్టాడండీ. నానమ్మ కళ్లద్దాలు బియ్యం డబ్బాలో దాచి, మంచం మీద ఉన్నాయని చెప్పి, ఆవిడ దుప్పట్లు దులుపుతుంటే చూస్తూ నవ్వుతున్నాడు.” ఆ మాటలను ఉన్నది ఉన్నట్టు వాడి ఫైలులో రాసుకున్నాను.