పాత జవాబు ఎక్కడ దాక్కుంటుంది? సపోర్ట్ చాట్‌బాట్ ఇండెక్స్‌పై అపోహలు - వాస్తవాలు

రిటర్న్ గడువు 30 రోజుల నుంచి 15 రోజులకు తగ్గింది. సహాయ పేజీని ఆ రోజే సవరించారు, రాత్రి నడిచే రీ-ఇండెక్స్ జాబ్ కూడా ఏ లోపం చూపకుండా పూర్తయింది. అయినా వారం తరువాత ఒక వినియోగదారు, ఇప్పుడు కొనే వస్తువును ఎన్ని రోజుల వరకు రిటర్న్ చేయవచ్చని అడిగితే, చాట్‌బాట్ తడుముకోకుండా 30 రోజుల వరకు చేయవచ్చని జవాబిచ్చి, ఆధారంగా ఆ సహాయ పేజీ లింకునే చూపింది. లింకు తెరిచి వెతికితే 30 అనే అంకె ఆ పేజీలో ఎక్కడా లేదు. నేను పనిచేసిన ఒక బృందంలో జరిగిన ఈ సంగతినే పట్టుకుని, ఈ రంగంలో తరచుగా వినే కొన్ని అపోహలను పరిశీలిస్తాను.

అపోహ: పేజీలో లేని మాట చెప్పిందంటే, జవాబు రాసే మోడల్ దానిని కల్పించినట్టే.

మా బృందం కూడా మొదట అలాగే అనుకుని, మోడల్‌కు ఇచ్చే సూచనలను రెండు రోజులపాటు తిరగరాసింది. ఆ రెండు రోజులూ వృథా. సపోర్ట్ చాట్‌బాట్ పేజీని నేరుగా చదవదు. పేజీని ముందుగానే చంక్‌లు అనే చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క అర్థాన్ని ఎంబెడింగ్ అనే అంకెల వరుసగా మార్చి, ఇండెక్స్‌లో దాచి ఉంచుతాము. ప్రశ్న వచ్చినప్పుడు దానికి అర్థంలో దగ్గరగా ఉన్న నాలుగైదు ముక్కలను ఇండెక్స్ నుంచి తీసి మోడల్ ముందు పెడతాము. కనుక చూడవలసింది పేజీని కాదు, ఆ ప్రశ్నకు ఇండెక్స్ ఏయే ముక్కలను తీసి ఇచ్చిందో రాసి ఉన్న లాగ్‌ను. తప్పు జవాబులోని మాట ఆ ముక్కల్లో కనిపించకపోతే కల్పన అని అనుమానించవచ్చు. కనిపిస్తే మోడల్ తనకు ఇచ్చినదానినే నమ్మకంగా అప్పజెప్పిందని అర్థం. మా లాగ్‌లో అన్నిటికన్నా పైన `returns-policy#5` అనే ముక్క ఉంది, అందులో 30 రోజుల వాక్యం చెక్కుచెదరకుండా ఉంది. లాగ్‌లో ముక్కల గుర్తింపు సంఖ్యలను నమోదు చేయని వ్యవస్థలో ఈ తేడాను పట్టుకోవడం చాలా కష్టం; అందుకే ఏ కొత్త చాట్‌బాట్‌ను అప్పగించినా నేను ముందుగా అడిగేది ఆ లాగ్‌ను.

అపోహ: మారిన పత్రాన్ని మళ్లీ ఇండెక్స్ చేస్తే పాత పాఠం దానంతట అదే తొలగిపోతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పాత పేజీ పొడవుగా ఉండేది కనుక ఏడు ముక్కలైంది. వాటికి `returns-policy#0` నుంచి `returns-policy#6` వరకు గుర్తింపులు పడ్డాయి. సవరించినప్పుడు ఎడిటర్ రెండు విభాగాలను కుదించి ముందు భాగంలో కలిపారు, దానితో కొత్త పేజీ ఐదు ముక్కలకే సరిపోయింది. మా జాబ్ చేసే పని అప్‌సర్ట్, అంటే అదే గుర్తింపుతో ముక్క ఉంటే దానిపై కొత్తది రాయడం, లేకపోతే కొత్తగా చేర్చడం. సున్నా నుంచి నాలుగు వరకు ఉన్న ముక్కలపై కొత్త పాఠం పడింది. ఐదు, ఆరు సంఖ్యల ముక్కలను ఎవరూ ముట్టుకోలేదు. వాటిని తొలగించమని ఎవరూ చెప్పలేదు కనుక అవి ఉన్నచోటే ఉన్నాయి, జాబ్ దృష్టిలో తప్పేమీ జరగలేదు.

ముక్కకు వరుస సంఖ్యకు బదులుగా దాని పాఠం నుంచి లెక్కించి తీసిన హ్యాష్ అనే చిన్న సంకేతాన్నే గుర్తింపుగా వాడితే ఈ బాధ తప్పుతుందని కొందరు అంటారు. నిజానికి అది మరింత ముదురుతుంది. పాఠంలో ఒక్క అక్షరం మారినా కొత్త హ్యాష్ వస్తుంది కనుక, సవరించిన ప్రతి ముక్క తన పాత రూపాన్ని ఇండెక్స్‌లో వదిలి పోతుంది. వరుస సంఖ్యల పద్ధతిలో మిగిలేవి తోక ముక్కలే, అదీ పత్రం కురచయినప్పుడే.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. ప్రతి ముక్క వెంట పత్రం గుర్తింపును, పత్రం వెర్షన్ సంఖ్యను విడిగా నిల్వ చేస్తాను. పత్రం మారితే దాని ముక్కలన్నిటినీ కొత్త వెర్షన్‌తో రాసి, అంతకన్నా పాతవన్నిటినీ ఒకే లావాదేవీలో, అంటే జరిగితే రెండు పనులూ కలిసే జరిగేలా, తీసేస్తాను. ఎంబెడింగ్‌లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పట్టికలోనే ఉన్నచోట అది ఇంత చిన్నది:

```sql
BEGIN;
-- కొత్త 5 ముక్కలను doc_version = 8 తో ఇక్కడ INSERT చేయాలి
DELETE FROM chunks
WHERE doc_id = 'returns-policy' AND doc_version < 8;
COMMIT;
```

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఖర్చు తగ్గించడానికి, పాఠం మారని ముక్కలకు ఎంబెడింగ్‌ను మళ్లీ లెక్కించకుండా పాతదే వాడుకోవడం సరైన పనే. కానీ ఆ ముక్కలను పూర్తిగా దాటవేస్తే వాటి వెర్షన్ 7 గానే నిలిచిపోతుంది, వెంటనే వచ్చే తొలగింపు వాటిని కూడా ఊడ్చేస్తుంది. ఎంబెడింగ్‌ను నకలు చేసుకున్నా, వెర్షన్ సంఖ్యను మాత్రం తప్పక పెంచాలి. లావాదేవీల సదుపాయం లేని ఇండెక్స్ అయితే, ముందు కొత్తవి రాసి, అవి వెతుకులాటలో కనిపిస్తున్నాయని చూసుకుని, ఆ తరువాత పాతవి తీసేయడం మేలు. కొద్దిసేపు రెండూ కలిసి ఉండడం కన్నా, ఆ కొద్దిసేపూ ఏదీ లేకపోవడం ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

అపోహ: పాతది మిగిలి ఉన్నా, కొత్తది కూడా ఉంది కదా, చాట్‌బాట్ కొత్తదానినే ఎంచుకుంటుంది.

అర్థంలోని దగ్గరితనాన్ని కొలిచే వెతుకులాటకు తేదీలతో పని లేదు. మా ఉదంతంలో పాత ముక్కే పైకి రావడానికి స్పష్టమైన కారణం ఉంది: పాత పేజీలో గడువుకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది, ఆ ముక్క నిండా గడువు గురించిన మాటలే. కొత్త పేజీలో అదే విషయం ప్యాకింగ్, రవాణా ఖర్చు, డబ్బు వాపసు షరతుల నడుమ ఒక్క వాక్యంగా ఒదిగిపోయింది. నాలుగు విషయాలు కలిసిన ముక్క ఏ ఒక్క ప్రశ్నకూ మరీ దగ్గరగా ఉండదు. ఎడిటర్ పేజీని సంక్షిప్తం చేసి మంచి పనే చేశారు, కానీ దాని వల్ల వెతుకులాటలో పాత ముక్కదే పైచేయి అయింది. రెండు ముక్కలూ మోడల్ ముందుకు వచ్చినా, వాటిలో ఏది తాజాదో తెలిపే గుర్తు పాఠంలో లేకపోతే అది ఎటు మొగ్గుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

అపోహ: ప్రతి రాత్రి మొత్తం ఇండెక్స్‌ను కొత్తగా కట్టుకుంటే ఈ తలనొప్పులేవీ ఉండవు.

పత్రాలు కొన్ని వందలే అయితే నేనూ ఇదే సలహా ఇస్తాను. ఖాళీ ఇండెక్స్‌లో కట్టి, సరిచూసి, పాతదాని స్థానంలో దానిని నిలబెట్టడం సులువు. కానీ రాత్రి జాబ్ మూలాన్ని సరిగ్గా చదివిందన్న నమ్మకం మీదే ఇదంతా నిలుస్తుంది. మూల సర్వర్‌లో లాగిన్ గడువు ముగిస్తే, ప్రతి చిరునామాకూ లాగిన్ పేజీయే రావచ్చు, అది కూడా విజయాన్ని సూచించే 200 కోడ్‌తో. అప్పుడు తెల్లవారేసరికి ఇండెక్స్ నిండా లాగిన్ పేజీ నకళ్లే ఉంటాయి. మూలంలో కనిపించని పత్రాలను ఇండెక్స్ నుంచి తొలగించే పద్ధతికీ ఇదే ప్రమాదం ఉంది. అందుకే ఒక విడతలో తొలగించవలసినవి మొత్తంలో 5 శాతం దాటితే జాబ్ ఆగిపోయి మనిషి అనుమతి కోరేలా పెడతాను. 5 అనేది నా అలవాటు మాత్రమే, మీ పత్రాలు ఎంత తరచుగా మారతాయో చూసి మీరు నిర్ణయించుకోవాలి. వేర్వేరు చిరునామాల నుంచి ఒకే హ్యాష్ పదే పదే వస్తే, అది కూడా ఆగవలసిన సంకేతమే.

దీనికి తలకిందులైన తప్పు ఒకటి ఉంది. పేజీ అడుగున ప్రతి రోజూ మారే తేదీని కూడా కలిపి హ్యాష్ తీస్తే, ఏమీ మారని పేజీలన్నీ రోజూ మారినట్టే కనిపిస్తాయి. మెనూలు, తేదీలు తీసేసి అసలు పాఠానికే హ్యాష్ తీయాలి. ఎంబెడింగ్ మోడల్ పేరును, ముక్కలు కోసే నియమాల వెర్షన్‌ను కూడా ఆ హ్యాష్‌లో కలపాలి. ఎందుకంటే రెండు వేర్వేరు మోడళ్లు ఇచ్చిన ఎంబెడింగ్‌లను, వాటి పొడవు సమానంగా ఉన్నా సరే, ఒకదానితో ఒకటి పోల్చడం అర్థంలేని పని. మోడల్ మారిన రోజున పాఠం మారకపోయినా అన్నీ మళ్లీ లెక్కించవలసిందే.

అపోహ: ఇండెక్స్ శుభ్రమైతే పాత జవాబు ఇక రాదు.

మిగిలిపోయిన ఆ రెండు ముక్కలను తీసేసిన మధ్యాహ్నమే 30 రోజుల జవాబు మళ్లీ వచ్చింది. ఈసారి అది క్యాష్ నుంచి. ఒకే తరహా ప్రశ్నలకు సిద్ధంగా ఉంచిన జవాబును తిరిగి ఇచ్చే ఆ క్యాష్‌కు, ఏ జవాబు ఏ పత్రం మీద ఆధారపడిందో తెలియదు. ప్రతి క్యాష్ జవాబు వెంట అది వాడిన పత్రాల గుర్తింపులను, వెర్షన్లను నిల్వ చేస్తే, పత్రం మారగానే దానికి సంబంధించిన జవాబులనే తీసేయవచ్చు. అది సరిచేశాక, పాత వాక్యాన్నే ప్రశ్నగా ఇండెక్స్‌కు పంపి, మొదటి పది ముక్కలను కళ్లతో చదివాము. ఒక పాత పీడీఎఫ్ మార్గదర్శిలో ఒకటి, సపోర్ట్ ఉద్యోగులు వాడే సిద్ధ జవాబుల్లో ఒకటి, అదే నియమం మరో రెండు చోట్ల దొరికింది. ఆ పీడీఎఫ్‌కు బాధ్యులు ఎవరో కనుక్కోవడానికి, దానిని తీసేయడానికి పట్టిన సమయం కన్నా ఎక్కువ పట్టింది.

అపోహ: గడువు తీరిన సమాచారమంతా తొలగించవలసిందే.

నియమం మారిన తేదీకి ముందు కొన్నవారికి పాత గడువే వర్తిస్తుందని కొత్త పేజీలో ఒక వాక్యం ఉంది. అంటే మేము తీసేసిన పాత ముక్క, కొంతమంది వినియోగదారులకు మరికొన్ని వారాలపాటు సరైన జవాబే. ఇలాంటి నియమాలకు ముక్క వెంట అమలు మొదలయ్యే తేదీని, ముగిసే తేదీని పెట్టి, ఈ రోజు తేదీతో కాక కొనుగోలు తేదీతో వడపోయాలి. ఆ తేదీ తెలియకపోతే చాట్‌బాట్ అడిగి తెలుసుకోవాలి. ముందుగానే ప్రచురించి, వచ్చే నెల నుంచి అమలయ్యే నియమాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ వాక్యం మా కంటపడిన తరువాత, తొలగించిన ఐదో ముక్కను ముగింపు తేదీతో సహా తిరిగి ఇండెక్స్‌లో చేర్చాము. ఆరో ముక్క అవసరం రాలేదు.