కలలో ఒకరిని చంపితే: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది.

నల్గొండలో నా దగ్గరికి వచ్చేవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఈ మాటే. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె (ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను) పక్షవాతంతో మంచం పట్టిన అత్తను ఒంటిచేత్తో చూసుకుంటోంది. కలలో ఆ అత్తను బావిలోకి తోసేసింది. ఉలిక్కిపడి లేచి, ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ రోజు నుంచి అత్తకు తన చేత్తో అన్నం పెట్టాలంటేనే వణుకు. "నా చేతుల మీదనే అత్తమ్మకు ఏమన్న అయితదా మేడం?" అని అడిగింది.

వాస్తవం: బాగా కథలా సాగే కలలు ఎక్కువగా కళ్లు వేగంగా కదిలే నిద్రదశలో వస్తాయి. రాత్రి గడిచేకొద్దీ ఆ దశ పొడవు పెరుగుతుంది. అందుకే తెల్లవారుజామున కలలు ఎక్కువ. అప్పుడే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తుంటాయి కూడా. ఆ దశలో మెదడులో భయం, కోపం పుట్టించే భాగాలు చురుగ్గా ఉంటాయి, మంచిచెడ్డలు తూచే ముందుభాగం మందగిస్తుంది. లేచాక అది మళ్లీ పనిలో పడి, కలలో జరిగినదానికి మనల్ని నిలదీస్తుంది. అపరాధభావం అక్కడ పుడుతుంది.

అపోహ: మనసులో పగ ఉంటేనే అలాంటి కల వస్తుంది.

తోసేశాక కలలో ఏం చేశావని అడిగాను. కాసేపు ఆగి, "బావి గట్టు మీదనే పండుకున్న. మంచిగ నిద్ర పట్టింది" అంది. ఆ కలకు అసలు అర్థం అదే. రాత్రి మూడు నాలుగు సార్లు లేచి అత్తను పక్కకు తిప్పే మనిషికి కావలసింది అత్త చావు కాదు, నిద్ర. ఆ బరువుకు కలలో అత్త రూపం వచ్చింది. అందరికీ ఇదే అర్థమని చెప్పలేం. చంపడమంటే ఫలానా అని చెప్పే పట్టికలను నేను నమ్మను. కలలో ఏమనిపించింది, ముందురోజు ఏం జరిగింది అన్నవే చూస్తాను.

వారంలో కొన్ని రాత్రులు ఆడబిడ్డ వచ్చి చూసుకునేలా మాట్లాడుకున్నారు. పగటిపూట పది నిమిషాలు కళ్లు మూసుకుని, అదే కలను ముగింపు మార్చి ఊహించుకోమన్నాను. బావి దగ్గర ఆగి, సాయానికి ఆడబిడ్డను కేకేసినట్టు. కొన్ని వారాల్లో ఆ కల రావడం తగ్గింది, అత్తకు మళ్లీ తన చేత్తోనే తినిపిస్తోంది.

అపోహ: కలే కదా, ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేదు.

మెలకువలో కూడా ఫలానా మనిషిని కొట్టాలి, చంపాలి అన్న ఆలోచన గట్టిపడుతుంటే ఆలస్యం చేయొద్దు, డాక్టర్‌ను కలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేసినా మాట్లాడతారు. కొత్త మందు మొదలుపెట్టాక ఇలాంటి కలలు వస్తుంటే, మీ అంతట మీరు ఆపేయకుండా రాసిన డాక్టర్‌కు చెప్పండి. ఇంకొకటి: యాభై దాటినవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, కలలో కొడుతూ నిజంగానే పక్కనున్నవాళ్లను కొట్టడం, తన్నడం, అరవడం చేస్తుంటే అది పగ కాదు. కల వచ్చేటప్పుడు ఒళ్లు కదలకుండా ఉంచే ఏర్పాటు మెదడులో దెబ్బతినడం. కొందరిలో పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు ముందే కనిపించే గుర్తు కూడా అదే. న్యూరాలజిస్టుకు చూపించండి. అప్పటిదాకా భార్య వేరే మంచం మీద పడుకోవాలి, మంచం పక్కన గొడ్డళ్లు, కొడవళ్లు, గాజు వస్తువులు ఉండకూడదు.