హెడ్ మాస్టర్ సంతకం ఎవరి తరఫున?

బెంగళూరు తూర్పు శివార్లలోని ఒక హైస్కూల్లో సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎమ్మెస్‌డబ్ల్యూ చదివే విద్యార్థిని ఒకరు తన డిసర్టేషన్ కోసం తొమ్మిదో తరగతి పిల్లల చేత ప్రశ్నాపత్రం నింపించిన వ్యవహారం ఈ వారం మళ్లీ రేగింది. ఆ పిల్లల్లో చాలామంది బిల్డింగ్ పనుల కోసం పాలమూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు. ఇంట్లో ఎవరైనా కొడతారా, ఎవరైనా ఇబ్బందిగా తాకారా అనే ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఒక అమ్మాయి ఇంటికెళ్లి తల్లికి చెప్పడంతో సంగతి బయటికొచ్చింది. బ్లాక్ విద్యాధికారి బీఈఓ, హెడ్ మాస్టర్ల అనుమతి ఉంది, పేర్లు రాయించలేదు, కాబట్టి తప్పేమీ లేదన్నది కాలేజీ వాదన. ‘‘మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా పాప ఏం రాసిందో మాకు చూపించండి’’ అంటున్నారు తల్లిదండ్రులు.

ఇలాంటి వివాదం వచ్చినప్పుడల్లా నాజీ డాక్టర్లు ఖైదీల మీద చేసిన ప్రయోగాలపై విచారణ జరిగిన న్యూరెంబర్గ్ నుంచి మొదలుపెట్టి చెప్పడం అలవాటు. మన పిల్లల వరకు అసలు మలుపు అక్కడ లేదు, ఖమ్మం జిల్లాలో ఉంది.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఆ జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధనా మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు అది. అమ్మాయిల్లో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవారు. తల్లిదండ్రులు దూరంగా ఊళ్లలో ఉన్నారు. వాళ్ల తరఫున వార్డెన్లు, హెడ్ మాస్టర్లు సంతకాలు పెట్టేలా ఆదేశాలు వెళ్లాయి. తర్వాత కేంద్రం వేసిన విచారణ కమిటీ తీయించిన లెక్కలో, రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. మరో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారని తెలియడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపించింది. ఆ మరణాలకు టీకాతో చాలావరకు సంబంధం లేనట్టేనని విచారణ కమిటీ తేల్చింది. ఈ మాట తప్పకుండా చెప్పాలి. అయితే అంగీకారం తీసుకున్న తీరును అదే కమిటీ తప్పుబట్టింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా నిలదీసింది. నిర్వాహకులు మొదటి నుంచీ ఇది పరిశోధన కాదు, అమలు ఎలా సాగుతుందో చూసే ప్రాజెక్టు మాత్రమే అంటూ వచ్చారు. ఇప్పుడు బెంగళూరులో వినిపిస్తున్న ‘‘ఇది టీకా కాదు కదా, సర్వేనే కదా’’ అన్న మాటకు మూలం అక్కడే ఉంది. వార్డెన్‌కు పిల్ల భోజనం, చదువు, భద్రత అప్పగిస్తారు. ఆ పిల్ల మీద బయటివాళ్లు చేసే అధ్యయనానికి ఒప్పుకొనే హక్కు అప్పగించరు.

2017లో ఐసీఎంఆర్ పిల్లల మీద పరిశోధనలకు విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. దాని ప్రకారం అంగీకారం తల్లిదండ్రులది లేదా చట్టబద్ధ సంరక్షకులది. దానికి తోడు ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా తీసుకోవాలి. అదే ఏడాది వచ్చిన సాధారణ మార్గదర్శకాల్లో ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా పరిశోధనలకూ ఒక అధ్యాయం ఉంది, కాబట్టి సూది లేదన్న సాకు చెల్లదు. హెడ్ మాస్టర్ సంతకంతో గేటు లోపలికి వెళ్లవచ్చు, అంతవరకే.

ఆ స్కూల్లో తల్లిదండ్రుల అంగీకారం ఎలా తీసుకోవాల్సింది? కన్నడ, ఇంగ్లిష్‌లలో ఉన్న కాగితాన్ని స్కూల్ డైరీలో పెట్టి పంపితే, చదవలేని తండ్రి టీచర్ అడిగింది కాబట్టి సంతకం పెట్టేస్తాడు. ‘‘ఇష్టం లేకపోతేనే తిప్పి పంపండి’’ అని రాస్తే, తిరిగి రాని కాగితాలన్నీ ఒప్పుకున్నట్టే లెక్కవుతాయి. సరైన పని ఆదివారం సైట్ దగ్గరి షెడ్లకు వెళ్లి తెలుగులో చదివి వినిపించడం, ప్రశ్నలు అడగనివ్వడం, వేలిముద్ర వేసేవాళ్ల దగ్గర ఈ పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షిని కూర్చోబెట్టడం. ఇలా చేస్తే నలభై మంది క్లాసులో పాతికమందే రావచ్చు. ఆ పాతికమందితోనే అధ్యయనం చేయాలి.

తల్లిదండ్రులు ఒప్పుకున్నా, పిల్లల దగ్గర అసలు చిక్కు ఇంకా మిగిలే ఉంటుంది. ఆ రోజు క్లాస్ టీచర్ గదిలోనే ఉన్నారని పిల్లలు చెబుతున్నారు. టీచర్ ముందు ‘‘ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండి’’ అంటే అందరూ ఎత్తుతారు. ఒక్కరు కూడా వద్దనలేదంటే అడిగిన తీరునే అనుమానించాలి. టీచర్‌ను బయటికి పంపి, ప్రశ్నాపత్రంతో పాటు అదే సైజులో ఒక పజిల్ కాగితం ఇచ్చి, ఏది నింపినా ఒకే రకం కవర్లో అంటించి పెట్టెలో వేయమంటే, ఎవరు రాశారో, ఎవరు మానేశారో పక్క బెంచీకి కూడా తెలియదు. మొదలుపెట్టే ముందు పిల్లలనే అడగాలి: ‘‘మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది?’’ ‘‘మార్కులు పోతాయి’’ అని ఒక్కరన్నా, మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే.

పేర్లు రాయించలేదన్న సమర్థన కూడా నిలవదు. వయసు, మాతృభాష, తండ్రి పని, సొంత జిల్లా అడిగారు. సెంట్రింగ్ పని చేసే పాలమూరు తండ్రికి ఆ సెక్షన్‌లో ఒక్కతే కూతురుంటే, పేరు రాయకపోయినా ఆమె ఎవరో తెలిసిపోతుంది. పైగా ఆ కాగితాలు రెండు రోజులు స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నాయంటున్నారు. రోజూ నోట్సు దిద్దే టీచర్లకు పిల్లల చేతిరాత తెలియనిది కాదు.

అన్నిటికంటే పెద్ద లోపం తాకడం గురించిన ప్రశ్నలో ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. అందుకే ‘‘నువ్వు రాసింది ఎవరికీ చెప్పను’’ అని ఏ విద్యార్థీ మాట ఇవ్వకూడదు. ఇక్కడ ఆ మాట ఇచ్చారు, పేర్లూ తీసుకోలేదు. ఒక కాగితంలో ‘అవును’ అని ఉంటే, ఆపదలో ఉన్న పిల్ల ఎవరో వెతకడానికీ లేదు, తెలియనట్టు ఊరుకోవడానికీ లేదు. ఒక ఎంఏ లేదా ఎమ్మెస్‌డబ్ల్యూ డిసర్టేషన్‌కు ఆ ప్రశ్న అవసరమే లేదు. తప్పదనుకుంటే విడిగా, కౌన్సెలర్ అందుబాటులో ఉన్నప్పుడు, ఎవరికైనా హాని జరుగుతోందని తెలిస్తే పోలీసులకు చెప్పాల్సి వస్తుందని ముందే చెప్పి అడగాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉన్న చీటీ రాసినవాళ్లకీ మానేసినవాళ్లకీ అందరికీ ఇవ్వాలి.

ఇప్పుడు గొడవంతా ఆ కాగితాలు ఎవరికివ్వాలన్న దాని మీద నడుస్తోంది. తల్లిదండ్రుల కోపం న్యాయమైనదే, కానీ కాగితాలు వాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో దెబ్బల గురించి రాసిన పిల్లకు సాయంత్రమే దాని ఫలితం తెలుస్తుంది. స్కూలుకూ ఇవ్వకూడదు. కాలేజీ నైతిక కమిటీ, పిల్లల రక్షణ తెలిసిన ఒక బయటి మనిషిని పెట్టుకుని, ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుల వరకు చూడాలి. ‘అవును’ కనిపిస్తే చట్టం చెప్పినట్టు పోలీసులకు తెలియజేసి, క్లాసు మొత్తానికి కౌన్సెలర్‌ను ఏర్పాటు చేయాలి. ఆ ప్రక్రియకు అవసరం లేని కాగితాలన్నీ నాశనం చేయించి, డిసర్టేషన్‌లో ఒక్క జవాబూ వాడకుండా చూడాలి. కమిటీ వచ్చే వారం కూర్చుంటుందని కాలేజీ చెబుతోంది. అప్పటిదాకా ఆ బీరువా తాళం స్కూల్ దగ్గర ఉండటానికి వీల్లేదు.