రాజమండ్రిలో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

రాజమండ్రిలో సెల్ఫ్ డ్రైవ్ కార్లు అద్దెకివ్వడం నా పని. కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లు తాళాలు తీసుకునేటప్పుడు తరచూ అనే మాటలివి.

అపోహ: నాలుగు వైపులా నాలుగు ఫొటోలు తీసుకుంటే చాలు.

చాలవు. అప్పుడే కడిగిన కారు మీద తడికి సన్నగీతలు కనబడవు. తుడిపించి, వెలుతురులోకి తీయించి, నంబరు ప్లేటుతో మొదలుపెట్టి ఆపకుండా ఒకే వీడియో తీయండి. వంగి బంపర్ల కింది అంచులు, టైర్ల పక్కల ఉబ్బులు చూడండి. ఎడమవైపు తలుపుల దగ్గర ఇంకాస్త ఆగండి. మన కాలువ గట్ల మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎడమకే ఒరగాలి, పొదలు గీసేది అటే. స్టెప్నీ, జాకీ కూడా చూపించి, ఇంజిన్ ఆన్ చేసి కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు దగ్గర వీడియో ముగించండి. అక్కడికక్కడే ఓనరుకు వాట్సాప్ చేయండి. అప్పుడు తేదీ, టైము ఇద్దరి ఫోన్లలోనూ ఉంటాయి.

అంతర్వేది వెళ్లొచ్చిన ఒక కుటుంబం కారు తిరిగిచ్చినప్పుడు వెనక బంపర్ కింద గీత కనబడింది. వాళ్లు పంపిన వీడియో పెట్టి చూశాం. ఆ గీత ముందునుంచే ఉంది. ఒక్క రూపాయి కూడా పట్టుకోలేదు.

అపోహ: ఏం జరిగినా డిపాజిట్ వరకే పోతుంది.

అది ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి ఉంటుంది. రిపేరుకు కారు షెడ్డులో ఉన్న రోజుల అద్దె కూడా అడుగుతారా, చలానాల కోసం డిపాజిట్ ఎన్ని రోజులు ఆపుతారు, ఈ రెండూ సంతకానికి ముందే తేల్చుకోండి. కెమెరా చలానా మీరు ఊరెళ్లిపోయాక కూడా రావచ్చు. నంబరు ప్లేటు నల్లరంగు మీద పసుపు అక్షరాలతో ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంది.

అపోహ: పెట్రోలు ఎక్కువ ఉంచితే డబ్బు వెనక్కిస్తారు.

చాలాచోట్ల ఇవ్వరు. తీసుకున్నప్పుడు ఎంత ఉందో అంతే ఉంచి ఇవ్వాలి. యానాంలో రేటు తక్కువని ట్యాంకు నింపుకొచ్చేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. 37 లీటర్ల ట్యాంకుకు మీటరులో 8 గడులుంటే, ఒక్కో గడి లెక్కకు నాలుగున్నర లీటర్లు పైనే. గట్టు వాలులో ఆపి చూస్తే ఒక గడి తేడా కనబడొచ్చు. అందుకే ఇచ్చేటప్పుడూ, తీసుకునేటప్పుడూ చదును నేల మీదే చూడాలి.

అపోహ: గంట ఆలస్యమైతే ఏముంది?

తర్వాతి పార్టీ స్టేషన్లో ఎదురుచూస్తూ ఉండొచ్చు. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు మీద కారు దాటించడం సరదాగానే ఉంటుంది, కానీ రేవులో ఎంతసేపు ఆగాలో ముందే చెప్పలేం. తిరిగిచ్చే రోజున మాత్రం చించినాడ వంతెన మీదుగా రండి. అప్పటికీ ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోనే ఫోన్ చేయండి, వేరే కారు సర్దడానికి మాకు టైము దొరుకుతుంది.